పట్టభద్రుల పేర్లు తప్పులేకుండా చదవడానికి ఉచ్చారణ పట్టిక: తయారీ నుంచి వేదిక దాకా

స్నాతకోత్సవంలో పేర్లు చదివే బాధ్యత వచ్చినవాళ్లు, చదివేవాళ్లకు పట్టిక తయారుచేసి ఇవ్వాల్సినవాళ్లు తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: కష్టమైన పేర్లను ఎలా గుర్తించాలి, వాటి పక్కన ఏం రాయాలి?

నా జవాబు ఎప్పుడూ ఒకటే. కష్టమైన పేర్లను ఏరడంతో మొదలుపెట్టకండి. కష్టంగా కనిపించే పేరు దగ్గర అనౌన్సర్ తనంతట తానే ఆగుతారు, పక్కన రాసింది చూస్తారు. తేలిగ్గా కనిపించే పేరు దగ్గర ఆగరు. Manasa అని జాబితాలో ఉంటే చూడగానే నోటికి వచ్చింది చదివేస్తారు. తెలుగు తెలిసినవాళ్లు "మానస" అంటారు, తెలియనివాళ్లు "మనాసా" అంటారు. ఇద్దరికీ సందేహం రాదు. అందుకే పట్టికలో ప్రతి పేరుకూ ఉచ్చారణ ఉండాలి, అది ఆ మనిషి గొంతు విని రాసినదై ఉండాలి.

## 1. మొదట సమయం లెక్క వేసుకోండి

ఒక పేరు రికార్డింగ్ విని, రాసి, సరిచూడటానికి సగటున మూడు నిమిషాలు పడుతుంది. 300 మంది ఉంటే 900 నిమిషాలు, అంటే 15 గంటలు. ఒక్కరే కూర్చుంటే రెండు రోజుల్లో చెవులు మొద్దుబారిపోతాయి. ఇద్దరు ముగ్గురు పంచుకుని రోజుకు గంటన్నరకు మించకుండా చేస్తే పని శుభ్రంగా వస్తుంది.

నేను పాటించే క్రమం ఇది:

- కార్యక్రమానికి 6 వారాల ముందు: పట్టభద్రులకు ఫారం పంపడం
- 3 వారాల ముందు: ఫారం మూసేసి, స్పందించనివాళ్లకు ఫోన్లు చేయడం
- 2 వారాల ముందు: పట్టిక రాత పూర్తి
- 1 వారం ముందు: పట్టిక, రికార్డింగులు అనౌన్సర్ చేతికి
- ఆ రోజు: వరుసలో నిలబడ్డప్పుడు చివరి తనిఖీ

దీన్ని రెండు వారాలకు కుదించవచ్చు, కానీ అప్పుడు చివరి తనిఖీకి ఇంకా ఎక్కువమంది మనుషులు కావాలి.

## 2. పట్టికలో ఏ గడులు ఉండాలి

పేర్లను మీరు మళ్లీ టైప్ చేయకండి. పరీక్షల విభాగం ఇచ్చిన అధికారిక జాబితానే స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, ప్రతి వరుసకూ ఒక సంఖ్య ఇవ్వండి. ఇకమీదట ఆ మనిషికి సంబంధించిన ప్రతిదానికీ, అంటే రికార్డింగ్ ఫైలుకూ కార్డుకూ కూడా, అదే సంఖ్య.

గడులు ఆరు చాలు:

1. వరుస సంఖ్య
2. సర్టిఫికెట్‌లో ఉన్న పేరు
3. వేదిక మీద చదవాల్సిన పేరు
4. ఉచ్చారణ
5. ఆధారం: రికార్డింగ్, ఫోన్, లేదా ముఖాముఖి
6. సరిచూసినవారి పొడి అక్షరాలు

రెండో గడి, మూడో గడి వేరుగా ఉండటం ముఖ్యం. సర్టిఫికెట్‌లో నాలుగు మాటల పేరు ఉన్నా వేదిక మీద రెండే చదవమనేవాళ్లు ఉంటారు. ఇనిషియల్స్‌ను అక్షరాలుగా చదవాలా, పూర్తి మాటగా చదవాలా, అసలు వదిలేయాలా అన్నది కూడా ఆ మనిషే చెప్పాలి. ఇక్కడ మన ఊహకు చోటు లేదు.

ఐదో గడి ఖాళీగా ఉందంటే ఆ ఉచ్చారణ ఎవరో ఊహించి రాసిందని అర్థం. పని చివర్లో ఆ గడిని ఒక్కసారి వడపోసి చూస్తే ఇంకా ఎన్ని పేర్లు గాల్లో ఉన్నాయో తెలిసిపోతుంది.

## 3. పట్టభద్రులను ఏం అడగాలి

"మీ పేరు ఎలా పలకాలో రాయండి" అని మాత్రమే అడిగితే సగంమంది అదే స్పెల్లింగ్ మళ్లీ రాసి పంపుతారు. తప్పు వాళ్లది కాదు. పుట్టినప్పటి నుంచి అలవాటైన పేరులో ఎదుటివాళ్లు ఎక్కడ తడబడతారో వాళ్లకు కనిపించదు.

కాబట్టి గొంతు అడగండి. ఫారంలో ఈ నాలుగు ఉంటే చాలు:

- వేదిక మీద చదవాల్సిన పేరు, చదవాల్సిన క్రమంలో
- ఆ పేరును రెండుసార్లు పలికిన రికార్డింగ్: ఒకసారి మామూలు వేగంతో, ఒకసారి ముక్కముక్కగా. పది సెకన్లు చాలు
- మీ పేరులో ఎదుటివాళ్లు ఎక్కువగా తప్పు పలికే భాగం ఏది? ఎలా తప్పు పలుకుతారు?
- సందేహం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

నాలుగింటిలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది మూడోది. "అందరూ పవాని అంటారు, నేను పావని" అన్న ఒక్క వాక్యం రికార్డింగ్‌లో వినపడని విషయాన్ని కూడా తేల్చేస్తుంది.

రెండుసార్లు పలకమనడానికి కారణం ఉంది. మామూలు వేగంలో అచ్చుల నిడివి సరిగ్గా ఉంటుంది, కానీ హల్లులు కలిసిపోతాయి. ముక్కలుగా చెప్పేటప్పుడు హల్లులు తేటపడతాయి, కానీ ప్రతి అచ్చునూ సాగదీస్తారు. దీర్ఘాలకు మొదటిదాన్ని నమ్మండి, హల్లులకు రెండోదాన్ని నమ్మండి.

స్పందించనివాళ్లకు రెండు గుర్తుచేతలు పంపి, ఆ తర్వాత ఫోన్ చేయండి. ఫోన్‌లో మీరు పేరు పలికి "ఇదేనా?" అని అడగకండి. మర్యాదకు "అవును" అనేస్తారు. "మీ పేరు మీరే ఒకసారి చెప్పండి" అనాలి. ఫోన్‌కూ దొరకకపోతే లింక్డిన్ ప్రొఫైల్ చూడండి. అక్కడ తమ పేరును తామే రికార్డు చేసి పెట్టుకునే వీలుంది, కొందరు పెట్టుకుంటారు కూడా. ఇంటర్నెట్‌లో వేరేవాళ్లు అదే పేరు పలికిన వీడియో మాత్రం ఆధారం కాదు. ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.

## 4. విన్నదాన్ని ఎలా రాయాలి

ముందుగా అనౌన్సర్ ఏ లిపిని ఆగకుండా చదువుతారో అడగండి. తెలుగు గడగడా చదివేవాళ్లైతే తెలుగులో రాయండి. తెలుగు చదవలేనివాళ్లైతే రోమన్ అక్షరాల్లో, వాళ్ల నోరు ఎలా తిరుగుతుందో దాన్ని బట్టి రాయండి. అంతర్జాతీయ ధ్వని లిపి ఎంత కచ్చితమైనదైనా, దాన్ని నేర్చుకున్న అనౌన్సర్ అయితే తప్ప వేదిక మీద పనికిరాదు.

తెలుగులో రాసేటప్పుడు. దీర్ఘం, హ్రస్వం, న-ణ, ల-ళ, త-ట తేడాలన్నీ మన లిపి ఇట్టే పట్టుకుంటుంది. రోమన్‌లో Kala అని ఉన్నది "కళ" కావచ్చు, "కలా" కావచ్చు, "కాలా" కావచ్చు. తెలుగులో రాయగానే ఆ సందేహం తీరిపోతుంది.

ఇబ్బంది వచ్చేది మన లిపిలో విడిగా అక్షరం లేని ధ్వనుల దగ్గర. ముఖ్యంగా మూడు:

- ఫ: "ఫలం"లోని ఫ, "ఫోన్"లోని ఫ ఒకేలా రాస్తాం. ఫోన్‌లోని ఫ కావాలంటే అక్షరం కింద గీత గీయండి.
- జ: "జనం"లోని జ వేరు, ఇంగ్లిష్‌వాళ్లు జీబ్రా అనేటప్పటి జ వేరు. రెండోదానికి కింద గీత.
- "బ్యాట్"లోని అచ్చు: ఇది పేరు మధ్యలో వస్తే పర్వాలేదు, మొదట్లో వస్తేనే చిక్కు. Anne అన్న పేరును "యాన్" అని రాస్తే య పలుకుతారు, "ఆన్" అని రాస్తే దీర్ఘం తీస్తారు, "ఏన్" అన్నా తప్పే. ఇలాంటి చోట అక్షరాలతో కుస్తీ పట్టకుండా పక్కనే "బ్యాట్‌లో బ్ తీసేసిన అచ్చు" అని మాటల్లో రాసేయడమే నయం.

ఒక్క గీత గుర్తు, దాని అర్థం పట్టిక పైన ఒక వాక్యంలో. అంతకు మించి గుర్తులు పెడితే వేదిక మీద అనౌన్సర్‌కు వాటి అర్థం గుర్తురాదు.

నొక్కి పలకాల్సిన భాగం. కొన్ని భాషల పేర్లలో ఒక భాగాన్ని మిగతావాటికంటే నొక్కి పలుకుతారు. ఆ భాగాన్ని బోల్డ్‌లో పెట్టండి. తెలుగు పేర్లకు ఇది దాదాపు అవసరం లేదు, దీర్ఘం సరిగ్గా ఉంటే చాలు.

రోమన్‌లో రాసేటప్పుడు. ఇంగ్లిష్ అలవాటున్నవాళ్లు `na` చూస్తే "నా" అంటారు. హ్రస్వం కావాలంటే `nuh` అని రాయాలి. మానసకు `MAA-nuh-suh`, పావనికి `PAA-vuh-nee`. లలిత, కవిత లాంటి పేర్లలో త కోసం మనం రాసే `th` ఇంకో ఉచ్చు. వాళ్లు దాన్ని ఇంగ్లిష్‌లో "థింక్" అనేటప్పటి ధ్వనిగా చదువుతారు. ఉచ్చారణ గడిలో `t` అని రాసి, త ఎలా ఉంటుందో రికార్డింగ్‌తో వినిపించండి.

కొన్ని వరుసలు నమూనాకు:

| జాబితాలో | చూడగానే పలికేది | ఉచ్చారణ గడిలో |
|---|---|---|
| Manasa | మనాసా | మా-న-స |
| Harini | హరీనీ | హ-రి-ణి |
| Siobhan | సియోభాన్ | షి-వాన్ |
| Niamh | నియమ్ | నీవ్ |
| Joaquin | జోఆక్విన్ | హ్వా-కీన్ |

చివరి మూడు పేర్లు చూస్తే స్పెల్లింగ్‌ను ఎంతసేపు పరీక్షగా చూసినా లాభం లేదని అర్థమవుతుంది. ఆ మూడింటిలో మొదటి రెండు ఐర్లండ్ పేర్లు, మూడోది స్పానిష్ పేరు. నమూనాలో ఇచ్చింది వాటిని మామూలుగా పలికే తీరు. మీ జాబితాలో ఉన్న మనిషి వేరేలా పలికితే ఆ మనిషిదే సరైనది.

## 5. ఒక పేరు మొదటి నుంచి చివరి దాకా

నేను పట్టిక చూసిన ఒక కార్యక్రమంలో 112వ వరుసలో Jorge అనే పేరు వచ్చింది. రికార్డింగ్ ఇంకా రాలేదు. పనిచేస్తున్నవాళ్లలో ఒకరికి స్పానిష్ కొంచెం తెలుసు. ఆ భాషలో ఈ పేరును "హోర్-హె" అంటారు కాబట్టి అదే రాసేశారు. చదువుకున్నవాళ్లు రాశారు కదా అని ఎవరికీ అనుమానం రాలేదు.

వడపోతలో ఆధారం గడి ఖాళీగా కనబడి ఫోన్ చేసి, పేరు ఆయన చేతే చెప్పించి రికార్డు చేసుకున్నాం. ఆయన పోర్చుగీస్ మాట్లాడే బ్రెజిల్ కుటుంబం నుంచి వచ్చారు. అదే స్పెల్లింగ్, కానీ మొదట్లో హ లేదు. ఇంగ్లిష్‌లో "విజన్" అనే మాట మధ్యలో వచ్చే మెత్తని జ లాంటి ధ్వని రెండుసార్లు వస్తుంది, చివర చిన్న ఇ. మా ఊహకూ ఆయన పేరుకూ పోలికే లేదు.

ఆ ధ్వనికి తెలుగులో అక్షరం లేదు. "జోర్-జి" అని రాస్తే జనంలోని జ పలుకుతారు. అందుకని "జోర్-జి" అని రాసి, రెండు జ-ల కింద గీత గీసి, పక్కనే "రెండు జ-లూ ‘విజన్’లో లాగా మెత్తగా" అని రాశాం. మిగతా గీతలకు ఉన్న అర్థం వేరు కాబట్టి ఈ మాటలు తప్పనిసరి.

తర్వాత అసలు పరీక్ష. ఆ పేరును ఎప్పుడూ విననివారిని ఒకరిని పిలిచి, స్పెల్లింగ్ కనిపించకుండా ఉచ్చారణ గడి మాత్రమే చూపించి చదవమన్నాం. చదివింది విని, వెంటనే రికార్డింగ్ పెట్టి పోల్చాం. మొదటిసారి చివరి అచ్చును "జీ" అని సాగదీశారు. "చివర ఇ పొట్టిగా" అని చేర్చాం. రెండోసారి సరిపోయింది. అప్పుడే ఆరో గడిలో పొడి అక్షరాలు పడ్డాయి.

ఇలా విననివారితో చదివించడాన్ని దయచేసి ఏ పేరుకూ వదలకండి. రాసినవారికి పేరు చెవిలో మోగుతూ ఉంటుంది కాబట్టి తాము రాసింది ఎప్పుడూ సరిగ్గానే చదువుతారు. రాతలో లోపం బయటపడాలంటే కొత్త కళ్లు కావాలి.

ఇంటర్నెట్ వీడియోను నమ్మవద్దన్నది ఒకే స్పెల్లింగ్‌ను ఇలా ఒక్కొక్కరు ఒక్కోలా పలుకుతారు కాబట్టే. వియత్నాం పేరు Nguyen ఆ దేశపు ఉత్తరాన ఒకలా, దక్షిణాన ఒకలా వినిపిస్తుంది. వేరే దేశాల్లో స్థిరపడిన కుటుంబాలు ఇంకోలా పలుకుతాయి. వీటిలో ఏదీ తప్పు కాదు. మీ జాబితాలోని మనిషి ఏది పలుకుతారన్నదే మీకు కావాల్సింది.

## 6. కాగితం మీదకు ఎలా తేవాలి

అనౌన్సర్ కళ్లు ముందుగా పడాల్సింది ఉచ్చారణ మీద. దాన్ని 18 పాయింట్ల సైజులో పెట్టి, అసలు స్పెల్లింగ్‌ను దాని కింద 11 పాయింట్లలో పెట్టండి. రెండూ ఒకే సైజులో ఉంటే టెన్షన్‌లో కన్ను అలవాటైన స్పెల్లింగ్ మీదకే వెళుతుంది.

తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఒకటిన్నర రెట్ల ఖాళీ వదలండి. పేజీకి 12 పేర్లకు మించి వద్దు. కాగితానికి ఒకవైపే ప్రింట్ చేసి, స్టేపుల్ చేయకుండా పేజీ నంబర్లు వేయండి. చదివిన కాగితాన్ని పక్కకు జరపడం తిప్పడంకంటే తేలిక, మైకులో చప్పుడూ రాదు.

కంప్యూటర్ దగ్గర జరిగే మూడు తప్పులు, వాటి మందు:

- అక్షరాలు అతుక్కుపోవడం. "రాజ్", "కుమార్" పక్కపక్కన టైప్ చేస్తే "రాజ్కుమార్" అయిపోతుంది. మధ్యలో హైఫన్ పెడితే "రాజ్-కుమార్" అని విడిగా నిలుస్తుంది.
- పిచ్చి గుర్తులు రావడం. ఫైలును CSVగా సేవ్ చేయాల్సి వస్తే `CSV UTF-8` ఎంచుకోండి, లేకపోతే మళ్లీ తెరిచినప్పుడు తెలుగు చెడిపోవచ్చు. CSVలో గీతలు, బోల్డ్ నిలవవు కాబట్టి అసలు పట్టికను స్ప్రెడ్‌షీట్‌గానే ఉంచుకోండి. ప్రింట్‌కు పంపేది పీడీఎఫ్‌గా మార్చి, ప్రతి పేజీ కంటితో చూడండి.
- ఒక గడి మాత్రమే క్రమం మారడం. ఇది అన్నిటికంటే ప్రమాదం. పేర్ల గడిని మాత్రమే ఎంచుకుని సార్ట్ చేస్తే ప్రతి పేరు పక్కన ఇంకొకరి ఉచ్చారణ చేరుతుంది. పైకి పట్టిక చక్కగానే కనిపిస్తుంది. చివరి ప్రింట్‌లో మొదటి వరుస, ఆఖరి వరుస, మధ్యలో ప్రతి 25వ వరుస రికార్డింగ్‌తో పోల్చి చూస్తే దొరికిపోతుంది.

## 7. కార్డులు కూడా చేయండి

జాబితా చూస్తూ చదివేటప్పుడు ఒకరు రాకపోతే అక్కడి నుంచి అందరికీ పక్కవాళ్ల పేర్లు పడతాయి, ఇద్దరు చోట్లు మారితే ఒకరి పేరు ఇంకొకరికి పడుతుంది. ఉచ్చారణ ఎంత బాగా రాసినా అప్పుడు దండగే.

అందుకే ప్రతి పట్టభద్రుడి చేతికీ ఒక కార్డు ఇవ్వండి. దాని మీద సంఖ్య, పెద్ద అక్షరాల్లో ఉచ్చారణ, కింద చిన్నగా స్పెల్లింగ్. మెట్లు ఎక్కేటప్పుడు కార్డు తీసుకుని అనౌన్సర్‌కు అందించడానికి ఒక మనిషి ఉండాలి. అనౌన్సర్ కార్డు చూసే చదువుతారు, పట్టిక పక్కన భద్రంగా ఉంటుంది. కార్డు పోగొట్టుకున్నవాళ్ల కోసం ఖాళీ కార్డులు ఇరవై, లావు పెన్ను ఒకటి మెట్ల దగ్గర ఉంచండి.

## 8. అనౌన్సర్‌తో సాధన

పట్టికను, 112 లాంటి సంఖ్యలతో పేరుపెట్టిన రికార్డింగులను కలిపి వారం ముందే ఇవ్వండి. లోపల చదువుకుంటే చాలదు, బయటకు వినబడేలా మొత్తం ఒకసారి చదవాలి. తడబడ్డ చోట అనౌన్సర్ తన చేత్తో, తనకు తోచినట్టు రాసుకోనివ్వండి. మీ రాత ఎంత శాస్త్రీయంగా ఉన్నా, ఆ క్షణంలో వారికి పనికొచ్చేది వారి రాతే. మార్చిందల్లా మళ్లీ రికార్డింగ్‌తో పోల్చి, కార్డు మీద కూడా దిద్దండి.

వేగం కూడా అప్పుడే తేల్చుకోండి. పేరుకు 6 సెకన్ల చొప్పున 300 పేర్లకు 30 నిమిషాలు. నిర్వాహకులు దాన్ని 20 నిమిషాలకు తగ్గించమంటే పేరుకు 4 సెకన్లే మిగులుతాయి. ఆ వేగంలో పొడుగు పేర్లు నలిగిపోతాయి. అంత తొందర ఉంటే ఇద్దరు అనౌన్సర్లు మార్చి మార్చి చదవడం మేలు. ఒకరు చదువుతుండగా రెండోవారు తర్వాతి కార్డు చూసుకుంటారు.

## 9. ఆ రోజు వరుసలో

పట్టభద్రులు వరుసలో నిలబడ్డప్పుడు ఒక వలంటీర్ ఒక్కొక్కరి కార్డు చూసి, అందులో ఉన్నది ఉన్నట్టు పైకి చదవాలి. ఆ తర్వాత ఆ మనిషినే తన పేరు చెప్పమనాలి. రెండూ సరిపోతే మూలన టిక్. సరిపోకపోతే అక్కడికక్కడే దిద్ది, మళ్లీ చదివి వినిపించాలి. మనిషికి 20 సెకన్ల చొప్పున 300 మందికి 100 నిమిషాలు కాబట్టి నలుగురు వలంటీర్లను పెడితే 25 నిమిషాల్లో ముగుస్తుంది.

దిద్దిన కార్డు చివరి క్షణంలో అనౌన్సర్‌కు కొత్త. అలాంటి కార్డుల మూల మడిచి ఇవ్వాలని ముందే అనుకోండి. మడత కనిపిస్తే అనౌన్సర్ అర క్షణం ఆగి చూసుకుంటారు.

మెట్ల దగ్గర ఉండాల్సినవి:

- ఖాళీ కార్డులు, లావు పెన్ను
- పూర్తి పట్టిక అదనపు ప్రతి
- రికార్డింగులున్న ఫోన్, ఇయర్‌ఫోన్
- అనౌన్సర్‌కు మంచినీళ్లు

ఇంత చేసినా ఒక పేరు తప్పిపోవచ్చు. అనౌన్సర్‌కు తెలిసిన వెంటనే, ఆ మనిషి ఇంకా వేదిక మీద ఉండగానే, సరైన పేరును పూర్తిగా, స్పష్టంగా మళ్లీ చెప్పాలి. వివరణ, పొడుగాటి క్షమాపణ వద్దు. చప్పట్లు సరైన పేరు మీద పడితే చాలు.

కార్యక్రమం అయ్యాక కార్డులన్నీ వెనక్కి తీసుకోండి. చేత్తో దిద్దినవాటిని పట్టికలోకి ఎక్కించి, వేదిక మీద జరిగినదాని వీడియో తయారుచేసేవాళ్లకు ఆ ప్రతి ఇవ్వండి, తెర మీద పేర్లు వేసేటప్పుడు పనికొస్తుంది. ఆ తర్వాత రికార్డింగులను, ఫోన్ నంబర్లను మీ దగ్గరున్న అన్ని పరికరాల నుంచి తొలగించండి. ఈ పని కోసమే కదా వాళ్లు ఇచ్చింది.